అద్దె ఏ జాబ్‌ది? కరెంటు ఏ జాబ్‌ది?

పెళ్లి శుభలేఖలు, కోచింగ్ సెంటర్ గైడు, బట్టల షాపు కరపత్రం. మూడూ ఒకే ప్రెస్‌లో అచ్చవుతాయి. కాగితం, ఇంకు ఏ జాబ్‌కు ఎంతైందో ఇట్టే చెప్పొచ్చు. షెడ్డు అద్దె, కరెంటు, మెషిన్ రిపేర్లు, సూపర్‌వైజర్ జీతం మాత్రం ఏ జాబ్ పేరునా రావు. అన్ని జాబ్‌లూ కలిసి మోయాల్సిన ఈ ఖర్చులే ఓవర్‌హెడ్స్. నెలకు నలభై జాబ్‌లుంటే వీటిని చేత్తో పంచడం తలనొప్పి. అందుకే మెటీరియల్ మీద ఇంత శాతం అని వేసేసి ఊరుకునేవాళ్లుంటారు.

ఆ పద్ధతి ఎక్కడ దెబ్బతీస్తుందో చూద్దాం. విజయవాడలో ఓ చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్ ఉందనుకోండి. అంకెలు లెక్క కోసం అనుకున్నవే. నెలకు మెటీరియల్ ఖర్చు 6,00,000 రూపాయలు, ఓవర్‌హెడ్స్ 1,50,000. అంటే మెటీరియల్ మీద 25 శాతం. గైడుకు 1,20,000 రూపాయల మెటీరియల్ పట్టింది కాబట్టి దానిపై 30,000 పడుతుంది. 8,000 రూపాయల శుభలేఖలపై 2,000, 4,000 రూపాయల కరపత్రంపై 1,000 పడతాయి. కానీ కాగితం ఖరీదైనదైతే షెడ్డు అద్దె పెరగదు కదా! జాబ్ ఏ సెక్షన్‌లో ఎన్ని గంటలు నడిచిందన్నదే అసలు లెక్క. ఆ లెక్కను ఎక్సెల్‌లో మూడు షీట్లతో కట్టొచ్చు.

మొదటిది Rates షీట్. ముందు 1,50,000ను ప్లేట్, ప్రింటింగ్, బైండింగ్ అనే మూడు సెక్షన్లకు విడగొట్టాలి. అద్దెను చదరపు అడుగులను బట్టి, కరెంటును మెషిన్ల వాడకాన్ని బట్టి, జీతాలను ఎవరు ఎక్కడ పనిచేస్తారన్నదాన్ని బట్టి పంచుతారు. ఉదాహరణకు అద్దె 60,000, స్థలం 1,200 చదరపు అడుగులు, అందులో ప్రింటింగ్‌ది 600 అయితే దాని వాటా 30,000. మిగతా ఖర్చులూ ఇలాగే పంచాక ప్లేట్ సెక్షన్‌కు 24,000, ప్రింటింగ్‌కు 90,000, బైండింగ్‌కు 36,000 వచ్చాయనుకుందాం. A కాలమ్‌లో సెక్షన్ పేరు, B లో ఈ మొత్తాలు రాయాలి.

రెండోది Log షీట్. ఇది రోజువారీ చిట్టా. A లో జాబ్ నంబరు, B లో సెక్షన్, C లో గంటలు. ఒక జాబ్ మూడు సెక్షన్లు తిరిగితే మూడు వరుసలు. రోజూ మనిషి చేత్తో నింపాల్సింది ఇదొక్కటే.

ఇక Rates షీట్ C కాలమ్‌లో, నెలంతా ఆ సెక్షన్ ఎన్ని గంటలు నడిచిందో చిట్టా నుంచే తెప్పించాలి. D లో గంట రేటు వస్తుంది.

```
C2: =SUMIFS(Log!$C$2:$C$500,Log!$B$2:$B$500,A2)
D2: =B2/C2
```

ప్లేట్ 80 గంటలు, ప్రింటింగ్ 180, బైండింగ్ 240 నడిస్తే గంట రేట్లు వరుసగా 300, 500, 150 రూపాయలు. ఈ రేటును చిట్టాలోని ప్రతి వరుస పక్కనా, D కాలమ్‌లో తెచ్చిపెట్టేది లుకప్.

```
=IF(B2="",0,VLOOKUP(B2,Rates!$A$2:$D$4,4,FALSE))
```

B2లో ఉన్న సెక్షన్ పేరును Rates షీట్‌లో వెతికి, నాలుగో కాలమ్‌లోని రేటు తెమ్మని దీని అర్థం. చివరి FALSE చాలా ముఖ్యం. అది లేకపోతే జాబితా అక్షర క్రమంలో ఉందనుకుని ఎక్సెల్ దగ్గరలో ఉన్న పేరుతో సరిపెట్టుకుంటుంది. తప్పు రేటు తెచ్చినా ఎర్రర్ చూపకపోవచ్చు. కొత్త వెర్షన్లలోని XLOOKUP అయితే అడగకుండానే అచ్చంగా అదే పేరును వెతుకుతుంది.

మూడోది Jobs షీట్. A లో జాబ్ నంబర్లు, ఒక్కోటి ఒక్కసారే. B లో ఈ ఫార్ములా రాసి కిందిదాకా లాగితే చాలు.

```
=SUMPRODUCT((Log!$A$2:$A$500=A2)*Log!$C$2:$C$500*Log!$D$2:$D$500)
```

శుభలేఖల జాబ్ నంబరు 104 అనుకోండి. ఫార్ములా చిట్టాలోని ప్రతి వరుసనూ ‘ఇది 104దేనా?’ అని చూస్తుంది. అవునైతే 1, కాకపోతే 0. దాన్ని గంటలతో, రేటుతో గుణిస్తుంది. సున్నాతో గుణించినవన్నీ ఎగిరిపోయి 104 వరుసలే మిగులుతాయి. ప్లేట్ 2 గంటలకు 600, ప్రింటింగ్ 3 గంటలకు 1,500, బైండింగ్ 10 గంటలకు 1,500, మొత్తం 3,600. ఇదే తీరున గైడుకు ప్లేట్ 6, ప్రింటింగ్ 30, బైండింగ్ 40 గంటలకు 22,800 పడుతుంది. ప్లేట్ ఒక గంట, ప్రింటింగ్ 4 గంటలు పట్టిన కరపత్రానికి 2,300.

పాత శాతం లెక్క పక్కన పెట్టి చూడండి. గైడు మీద 7,200 రూపాయలు అనవసరంగా మోపారు. ఆ ధరకు కొటేషన్ ఇస్తే ఆర్డరు పక్క ప్రెస్‌కు పోవచ్చు. శుభలేఖలకూ కరపత్రాలకూ మాత్రం ఖర్చు తక్కువగా చూపి, లాభం వస్తోందన్న భ్రమలో ఉన్నారు.

ఇప్పుడు తప్పులు పట్టుకోవడం. చిట్టాలో సెక్షన్ పేరు తప్పు పడితే, పేరు చివర ఓ ఖాళీ అడుగు పడినా సరే, లుకప్ #N/A అంటుంది. ఆ ఒక్క వరుస వల్ల Jobs షీట్‌లోని జాబ్‌లన్నీ #N/A అయిపోతాయి. దాన్ని చూసి కంగారుపడి IFERROR పెట్టి సున్నా చేయకండి. అలా చేస్తే ఆ వరుస గంటలు రేటు లెక్కలోకీ రావు. మిగతా గంటల రేటు ఆమేరకు పెరుగుతుంది. మొత్తం మాత్రం చక్కగా 1,50,000కే సరిపోతుంది. ఒక జాబ్ భారం మిగతా జాబ్‌ల మీద పడిందని ఎవరికీ తెలియదు. సెక్షన్ పేర్లను టైపు చేయనివ్వకుండా, డేటా వ్యాలిడేషన్‌తో డ్రాప్‌డౌన్ జాబితా పెట్టడమే దీనికి మందు.

అందుకే రెండు తనిఖీలు ఉండాలి. రెండింటికీ జవాబు సున్నా రావాలి.

```
=SUM(Jobs!B2:B41)-SUM(Rates!B2:B4)
=SUM(Log!C2:C500)-SUM(Rates!C2:C4)
```

మొదటిది సున్నా కాకపోతే చిట్టాలో ఉన్న ఏదో జాబ్ Jobs జాబితాలో లేదన్నమాట. లేదా ఒకచోట 104 అంకెగా, మరోచోట టెక్స్ట్‌గా పడి ఉంటుంది. చూడ్డానికి రెండూ ఒకటే, ఎక్సెల్‌కు కాదు. రెండోది సున్నా కాకపోతే ఏ సెక్షన్‌కూ చెందని గంటలు చిట్టాలో ఉన్నాయని.

ఫార్ములా తీర్చలేని చిక్కు ఒకటుంది. ఆషాఢంలో పనులు తగ్గి ప్రింటింగ్ 180కి బదులు 120 గంటలే నడిస్తే, అదే 90,000కు గంట రేటు 750 అవుతుంది. మెషిన్ ఖాళీగా ఉన్న భారాన్ని వచ్చిన కొద్దిపాటి జాబ్‌ల మీద వేసి రేటు పెంచితే అవి కూడా రావు. కాబట్టి కొటేషన్లకు C కాలమ్‌లో మామూలు నెలలో నడిచే గంటలనే పెట్టుకోవాలి. అప్పుడు మొదటి తనిఖీ సున్నా రాదు. 60 గంటలకు 500 చొప్పున 30,000 మిగిలిపోతుంది. అది ఏ జాబ్‌ది కాదు, ఖాళీగా ఉన్న మెషిన్ ఖర్చు. సరుకు నిల్వల విలువ కట్టడం గురించి మన దేశపు అకౌంటింగ్ స్టాండర్డ్ 2 చెప్పేదీ ఇదే: స్థిర ఉత్పత్తి ఓవర్‌హెడ్స్‌ను మామూలు సామర్థ్యాన్ని బట్టి పంచాలి, పంచగా మిగిలింది ఆ కాలపు ఖర్చుగానే రాయాలి.