విద్యుత్ కారు బ్యాటరీకి గాలి చలువా? ద్రవ చలువా?

మే నెల మధ్యాహ్నం. మధురై నుండి బయలుదేరిన ఒక విద్యుత్ కారు దిండిగల్ చేరి, కొడైకానల్ కొండదారి ఎక్కేముందు ఛార్జింగ్ కేంద్రంలో ఆగిందని అనుకుందాం. నీడలోనే ఉష్ణోగ్రత 38 డిగ్రీలు. రహదారిపై వేగంగా వచ్చినందున బ్యాటరీ లోపల 40 డిగ్రీలుంది. ముందున్నది సుమారు 1800 మీటర్ల ఎత్తు. 1600 కిలోల కారును అంత ఎత్తుకు చేర్చడానికే దాదాపు 8 యూనిట్ల విద్యుత్తు కావాలి. దారి దూరానికి అయ్యే ఖర్చు దీనికి అదనం. కనుక యజమాని వేగపు ఛార్జింగ్ పెట్టక తప్పదు. ఆ గంటసేపు బ్యాటరీ లోపల జరిగే పని తెలిస్తే, గాలితో చల్లబరిచే పద్ధతికీ ద్రవంతో చల్లబరిచే పద్ధతికీ ఉన్న భేదం సులువుగా అర్థమవుతుంది.

విద్యుత్ కారు బ్యాటరీ ఒకే ముద్ద కాదు. అనేక చిన్న ఘటాలను, అంటే సెల్‌లను, వరుసలుగా కూర్చిన పెట్టె. ఉదాహరణకు 30 యూనిట్ల పెట్టెను తీసుకుందాం. 2020 జనవరిలో విడుదలైన టాటా నెక్సాన్ ఈవీ మొదటి పెట్టె 30.2 యూనిట్లది, దానిని ద్రవంతో చల్లబరుస్తారు. 2023లో వచ్చిన సిట్రోయెన్ ఈసీ3 పెట్టె 29.2 యూనిట్లది; అది గాలితో చల్లబడుతుంది. పరిమాణం దాదాపు ఒకటే, చలువ మార్గాలు వేరు. కింది లెక్క ఈ రెండు కార్ల కొలతలు కావు. ఆ పరిమాణం గల పెట్టెకు వేసిన నమూనా లెక్క మాత్రమే.

పెట్టె వోల్టేజి 320, ఛార్జింగ్ వేగం 30 కిలోవాట్లు అనుకుంటే, సుమారు 94 ఆంపియర్ల కరెంటు లోపలికి పోతుంది. ఆ పెట్టె అంతర్నిరోధం 0.1 ఓమ్ ఉంటే, కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించగా దాదాపు 900 వాట్ల వేడి పుడుతుంది. అంటే ఒక ఇస్త్రీపెట్టెను బ్యాటరీ నడుమ వెలిగించి ఉంచినట్లే. సెల్‌ల బరువు 200 కిలోలు అనుకుని, ఏ చలువా లేదనుకుంటే, గంటలో అవి సుమారు 16 డిగ్రీలు వేడెక్కుతాయి. 40 డిగ్రీల పెట్టె 56కు చేరుతుంది. అంతవరకు పోనీయకుండా కారులోని నియంత్రణ వ్యవస్థ ముందే కరెంటు తగ్గిస్తుంది. ఎండాకాలంలో ఛార్జింగ్ మందగించడానికి ఇదే ముఖ్య కారణం.

ఇప్పుడు ఆ వేడిని గాలి మోసుకుపోవాలి. ఒక ఫ్యాను గంటకు 100 ఘనపు మీటర్ల గాలిని సెల్‌ల మధ్యగా తోస్తుందనుకుందాం. ఆ గాలి బరువు 110 కిలోలే. 900 వాట్ల వేడి మొత్తాన్ని అదే మోయవలసివస్తే, లోపలికి పోయే గాలికీ బయటికి వచ్చే గాలికీ మధ్య 29 డిగ్రీల తేడా వస్తుంది. చెరువు కాలువకు మొదట ఉన్న మడికి నిండుగా నీరందుతుంది, చివరి మడికి మిగిలినదే దక్కుతుంది. అదేవిధంగా మొదటి సెల్‌లకు 38 డిగ్రీల గాలి తగులుతుంది. చివరివాటికి ముందున్న సెల్‌ల వేడిని మోసుకొచ్చిన గాలి తగులుతుంది. వాస్తవంలో సెల్‌లే కొంత వేడిని తమలో నిలుపుకుంటాయి కనుక గంటలో తేడా అంత పెరగదు. గాలికి రెండు మూడు ద్వారాలు పెట్టి తేడాను ఇంకా తగ్గిస్తారు. అయినా కొసకూ కొసకూ వ్యత్యాసం ఉండనే ఉంటుంది. పైగా బయటి గాలే 38 డిగ్రీలున్నప్పుడు అది సెల్‌లను అంతకన్నా కిందికి దించలేదు.

ద్రవ పద్ధతిలో నీరు, గ్లైకాల్ కలిపిన ద్రవం సెల్‌ల కిందనున్న లోహపు పలక గొట్టాలలో తిరుగుతుంది. నిమిషానికి 10 లీటర్లు తిరిగితే గంటకు 600 లీటర్లు, అంటే దాదాపు 640 కిలోలు. కిలోకు ఈ ద్రవం మోసే వేడి, గాలి మోసేదానికి మూడింతలకు పైగా ఉంటుంది. అందువల్ల అదే 900 వాట్లను మోసినా, ప్రవేశానికీ నిష్క్రమణకూ మధ్య తేడా 1.5 డిగ్రీలు మాత్రమే. మొదటి సెల్‌కు, చివరి సెల్‌కు దాదాపు సమానమైన చలువ అందుతుంది. ఏసీతో అనుసంధానం ఉన్న కార్లలో ఈ ద్రవాన్ని బయటి గాలికన్నా చల్లగా చేయవచ్చు.

ఈ కొద్ది డిగ్రీల తేడాకు ఇంత పట్టింపు ఎందుకు? సెల్‌లను ఒకదాని వెనుక ఒకటిగా కలిపినప్పుడు అన్నింటిలోనూ ఒకే కరెంటు పారుతుంది. అందులో బలహీనమైనది ముందు ఖాళీ అవుతుంది. అది ఖాళీ కాగానే నియంత్రణ వ్యవస్థ మొత్తం పెట్టెను ఆపుతుంది. 10 డిగ్రీల వేడి పెరిగితే సెల్ అరుగుదల సుమారు రెట్టింపవుతుందని స్థూలంగా ఒక సూత్రముంది. చల్లని వరుస కొన్నేళ్లలో 8 శాతం సామర్థ్యం కోల్పోతే, అంతకన్నా ఎప్పుడూ 10 డిగ్రీలు ఎక్కువుండే వరుస 16 శాతం కోల్పోతుంది. యజమానికి పెట్టె మొత్తం 16 శాతం తగ్గినట్లే కనబడుతుంది. పక్కపక్కన కలిపిన సెల్‌లలో మరొక చిక్కుంది. వేడి సెల్‌కు నిరోధం తక్కువ. అది ఎక్కువ కరెంటు లాగి ఇంకా వేడెక్కుతుంది. అందుకే సెల్‌ల మధ్య తేడా 5 డిగ్రీలు దాటకుండా చూడాలని నిర్మాతలు ప్రయత్నిస్తారు.

వేడి ప్రదేశాల ప్రభావానికి నిస్సాన్ లీఫ్ ఉదాహరణ. 2010 చివర విడుదలైన ఆ కారు పెట్టెకు ఫ్యానూ లేదు, ద్రవమూ లేదు. ఎండలకు పేరుపడ్డ అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో 2012లో యజమానులు సామర్థ్యం త్వరగా పడిపోతున్నదని ఫిర్యాదు చేశారు. 2013లో ఆ సంస్థ సామర్థ్యానికి కూడా వారంటీ ఇచ్చింది. 2025లో ప్రకటించిన మూడో తరం లీఫ్‌కు ద్రవ చలువ ఏర్పాటు చేశారు.

అయితే ద్రవ పద్ధతి దోషరహితమేమీ కాదు. పలక కిందనే ఉంటే సెల్ అడుగు చల్లగా, తల వేడిగా ఉంటుంది. ఒకే సెల్‌లో తేడా ఏర్పడుతుంది. గొట్టంలో గాలి బుడగ చేరినా, సెల్‌కూ పలకకూ మధ్యనుండే మెత్తని పొర సరిగా అంటకపోయినా, ఆ చోటి సెల్‌లు మాత్రమే వేడెక్కుతాయి. పంపు, గొట్టాలు, రేడియేటర్ బరువునూ ధరనూ పెంచుతాయి. ద్రవం పెట్టె లోపల కారితే షార్ట్ సర్క్యూట్ ప్రమాదముంది. గాలి పద్ధతికి ఈ చిక్కులు లేవు. కానీ మట్టిదారుల దుమ్ము జల్లెడను మూసివేస్తే గాలి ప్రవాహం తగ్గి, తేడా మరింత పెరుగుతుంది.

దోషాన్ని గుర్తించే మార్గాలున్నాయి. అదే కేంద్రంలో, అదే స్థాయి నుండి ఛార్జింగ్ మునుపటికన్నా త్వరగా మందగించడం మొదటి సూచన. సర్వీసు కేంద్రపు పరికరంలో అత్యధిక, అత్యల్ప సెల్ ఉష్ణోగ్రతలు విడివిడిగా కనబడతాయి. వేగపు ఛార్జింగ్ చివరలో వాటి తేడా 5 డిగ్రీలు దాటి, ప్రతిసారీ ఒకే చోటి సెల్ వేడిగా కనబడితే అక్కడ చలువ అందడం లేదని అర్థం. ద్రవపు సీసాలో మట్టం తగ్గుతూ ఉంటే కారుతున్నదని అనుమానించి చూపించాలి. బావినీరో కుళాయినీరో పోయరాదు. వాటిలోని లవణాలు విద్యుత్తును ప్రవహింపజేస్తాయి, గొట్టాలను తినివేస్తాయి. నిర్మాత చెప్పిన ద్రవమే వాడాలి.

పల్లెల్లో తిరిగే విద్యుత్ స్కూటర్లలో అధికభాగానికి ద్రవ చలువ లేదు. పెట్టె చిన్నది, కరెంటు తక్కువ కనుక అది చాలావరకు సరిపోతుంది. అయినా నడిమి సెల్ అంచు సెల్ కన్నా వేడిగానే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం తిరిగివచ్చిన బండిని నీడలో అరగంటో గంటో నిలిపి ఆపైన ఛార్జింగ్ పెడితే, ఆ వేడి మెల్లగా సర్దుకొని సెల్‌ల మధ్య తేడా తగ్గుతుంది. రాత్రిపూట నెమ్మదిగా ఎక్కించడం ఇంకా మేలు. కరెంటు సగమైతే పుట్టే వేడి నాలుగో వంతుకు దిగుతుంది.