ముప్పై అయిదు ఎలా వచ్చింది?

టీచర్లు రాసే చిన్న చిన్న యాక్షన్ రీసెర్చ్ నివేదికలు చాలాకాలంగా చదువుతున్నాను. పది పేజీల నివేదికలో నాలుగు పేజీలు గణితం గొప్పతనానికే పోతాయి. పిల్లలు అసలు ఏం తప్పు చేశారన్నది మాత్రం ఎక్కడా కనపడదు. ఒకరి నివేదికను ఎత్తిచూపడం ఇష్టం లేక, అలాంటివన్నీ కలిపి ఇక్కడ ఒకటి అల్లాను. నాలుగో తరగతి, 26 మంది పిల్లలు, ఒక టీచరమ్మ.

మొదటి ప్రతిలో శీర్షిక ‘గణితంలో విద్యార్థుల వెనుకబాటు - నివారణ చర్యలు’. సమస్య: పిల్లలకు గణితమంటే భయం, ఆసక్తి తక్కువ. చర్య: కృత్యాధార పద్ధతిలో బోధించాను. ఫలితం: ప్రీ టెస్టులో సగటు 41 శాతం, పోస్ట్ టెస్టులో 68 శాతం. చివర్లో పిల్లలు ఎంతో ఉత్సాహంగా పాల్గొన్నారని ఒక వాక్యం. భయం గురించి మొదలుపెట్టి, మార్కులు పెరిగాయని ముగించారు. భయం తగ్గిందా అంటే జవాబు లేదు, ఎందుకంటే దాన్ని ఎవరూ కొలవలేదు.

ఇలాంటి నివేదికను సరిచేయమంటే చాలామంది భాష దిద్దుతారు. నేనైతే ముందు బీరువా తెరవమంటాను. ప్రీ టెస్టు జవాబు పత్రాలు ఉన్నాయా? ఉంటే వాటిని బల్ల మీద పరచాలి. మార్కులు చూడొద్దు, తప్పులు చూడాలి.

మన టీచరమ్మ అలాగే పరిచారు. అప్పు అక్కర్లేని తీసివేతలు దాదాపు అందరూ చేశారు. అప్పు తెచ్చుకోవాల్సిన అయిదు లెక్కల దగ్గరే పడిపోయారు. 52లోంచి 27 తీస్తే 25 రావాలి. పదమూడు మంది 35 వేశారు. అందరిదీ ఒకటే తప్పు కదా అనిపిస్తుంది. కాదు. కొందరు ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7లోంచి 2 తీశారు, 5 వచ్చింది. ఇంకొందరు బుద్ధిగా అప్పు తెచ్చుకుని 12లోంచి 7 తీశారు, వాళ్లకీ 5 వచ్చింది. కానీ పదుల్లో ఉన్న 5ని 4 చేయడం మరిచిపోయారు. రెండు దారుల్లోనూ 35కే చేరతారు. ఒకట్ల అంకెల మధ్య తేడా సరిగ్గా 5 ఉన్నప్పుడల్లా ఇదే జరుగుతుంది. ఆ లెక్క ఒక్కటే ఇచ్చి ఉంటే ఈ రెండు గుంపులను విడదీయడం కుదిరేది కాదు.

అదృష్టం కొద్దీ అదే పేపర్లో 62 - 38 కూడా ఉంది. తిరగేసి తీసేవాళ్లకు 36 వస్తుంది. పదుల్లో తగ్గించడం మరిచేవాళ్లకు 34 వస్తుంది. సరైన జవాబు 24. పత్రాలను ఆ లెక్కను బట్టి రెండు కట్టలు చేస్తే తొమ్మిది మంది 36 వాళ్లు, నలుగురు 34 వాళ్లు తేలారు.

36 వేసిన ఒక పిల్లాణ్ని పిలిచి ఎలా చేశావని అడిగితే, ‘మీరే చెప్పారు కదా టీచర్, పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలని’ అన్నాడు. నిజమే, చెప్పారు. ఒకటో తరగతి నుంచీ మనమందరం చెబుతూ వచ్చిన మాటే అది. పిల్లాడు దాన్ని సంఖ్యకు కాకుండా ఒక్కో అంకెకూ వర్తింపజేసుకున్నాడు. మొదటి ప్రతిలో సమస్యంతా పిల్లల్లోనే ఉంది. ఇప్పుడు కొంత టీచరు నోట్లోనూ ఉందని తేలింది. ఈ సంభాషణ నివేదికలోకి ఎక్కాల్సిందే. 1953లో స్టీఫెన్ కోరీ బడుల్లో ఈ పద్ధతి గురించి పుస్తకం రాసినప్పుడు, టీచరు తన పనిని తానే పరిశీలించుకోవాలన్నది దాని మూలం. పిల్లల లోపాలు లెక్కపెట్టడంతోనే ఆగిపోతే అది మామూలు పరీక్షే.

సమస్య వాక్యం ఇప్పుడు ఇలా మారింది: ‘మా నాలుగో తరగతిలో రెండు పరీక్షలూ రాసిన 24 మందిలో 13 మంది, అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేతల్లో అయిదింటికి మూడో అంతకంటే ఎక్కువో తప్పు చేశారు. వారిలో తొమ్మిది మంది పై అంకె చిన్నదైతే తిరగేసి తీస్తున్నారు, నలుగురు పదులు తగ్గించడం మరుస్తున్నారు.’ భయం, ఆసక్తి రెండూ పోయాయి. పోవాల్సినవే.

చర్య దగ్గర పరీక్ష ఒకటే. పక్క ఊరి బడి టీచరు ఇది చదివి సోమవారం అదే పని చేయగలగాలి. ‘కృత్యాధార పద్ధతి’ అంటే ఆవిడ ఏం చేస్తుంది? కాబట్టి ఇలా రాశారు: చీపురు పుల్లలు పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టాను. పన్నెండు పనిదినాలు, గణితం పీరియడులో మొదటి ఇరవై నిమిషాలు. 62 అంటే ఆరు కట్టలు, రెండు విడి పుల్లలు. ఎనిమిది పుల్లలు ఇవ్వమంటే చేతిలో రెండే ఉంటాయి కాబట్టి ఒక కట్ట విప్పాలి. నాలుగో రోజు నుంచి కట్ట విప్పగానే పలక మీద 6 కొట్టేసి 5 వేయించాను. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలనే మాట మానేశాను. ఎవరు ఎన్ని రోజులు వచ్చారో హాజరు కూడా చేర్చారు. ఒకమ్మాయి పన్నెండింటిలో అయిదు రోజులే వచ్చింది.

ఇక ఫలితం. సగటు ఇక్కడ పెద్ద అడ్డంకి. అప్పు లేని లెక్కలు, అప్పు లెక్కలు కలిపి తీసిన 68 శాతంలో ఏమీ కనపడదు. అంకెలు మార్చి, అదే రకం అయిదు లెక్కలు ఇచ్చిన పోస్ట్ టెస్టును ఆ రెండు కట్టల ప్రకారమే చూడాలి. అయిదింటిలో నాలుగు సరిగా చేస్తే వచ్చినట్టు లెక్క. తొమ్మిది మంది 36 వాళ్లలో ఏడుగురికి వచ్చింది. నలుగురు 34 వాళ్లలో ఒక్కరికే వచ్చింది. మూడు వారాల తర్వాత, మధ్యలో పుల్లలు ముట్టకుండా మళ్లీ ఇస్తే ఆ ఎనిమిది మందిలో ఆరుగురికి నిలిచింది. దీనికి పక్కన ఒక పిల్లాడి నోటు పుస్తకంలోంచి రెండు తేదీల లెక్కలు, ఫొటో తీసి పెడితే చాలు. పిల్లలు నవ్వుతూ పుల్లలు పట్టుకున్న ఫొటోలు సాక్ష్యం కావు, అయినా ప్రతి నివేదికలోనూ అవే ఉంటాయి.

అయినా అనుమానం మిగులుతుంది. ఆ నెల్లో పిల్లలు ట్యూషనుకు వెళ్లి ఉండొచ్చు, ఊరికే ఎదిగి ఉండొచ్చు. పోల్చడానికి ఇంకో తరగతి లేదు. ఈవిడకు వారం వారం ఎక్కాలు అప్పజెప్పించి మార్కులు రాసుకునే అలవాటుంది. ఆ పదమూడు మంది ఎక్కాల మార్కులు ఆ పన్నెండు రోజులకు ముందూ తర్వాతా దాదాపు అలాగే ఉన్నాయి. అన్నీ కలిసి పెరగలేదు, తీసివేత ఒక్కటే కదిలింది. రుజువైందని దీన్నిబట్టి అనలేం. ‘మా తరగతిలో పుల్లల కట్టలు తిరగేసి తీసేవాళ్లలో ఎక్కువమందికి ఉపయోగపడినట్టుంది’ అనొచ్చు. మొదటి ప్రతిలోని ‘కృత్యాధార బోధన అత్యంత ప్రభావవంతమని నిరూపితమైంది’ అనే వాక్యం కొట్టేయడానికి ఆవిడకు మనసొప్పలేదు. కాంప్లెక్స్ సమావేశంలో చదివేది అదే కదా మరి. చివరికి కొట్టేశారు.

రాని పిల్లలను నివేదికలో దాచడం మామూలే. ఈవిడ వాళ్లకు అరపేజీ ఇచ్చారు. తిరగేసి తీయడం మానని ఇద్దరిలో ఒకరు ఆ అయిదు రోజుల అమ్మాయి. 34 వాళ్లలో మిగిలిన ముగ్గురూ చేతిలో పుల్లలుంటే కట్ట విప్పి తప్పు లేకుండా చేస్తున్నారు. కాగితం మీదకొస్తే మళ్లీ 34. కట్ట విప్పడం వాళ్లకు ముందే తెలుసు, కొట్టేసి రాయడమే రాలేదు. పుల్లలు వాళ్లకు కొత్తగా నేర్పిందేమీ లేదు. శీర్షిక కూడా మారింది: ‘నాలుగో తరగతిలో అప్పు తీసివేతలు: పుల్లల కట్టలు ఎవరికి పనికొచ్చాయి?’ చివరి పేజీలో తర్వాతి పన్నెండు రోజుల పని రాశారు. పుల్లలు లేవు. పదుల అంకె నెత్తిన ఖాళీ గడి గీసిన లెక్కల కాగితం, ఆ గడి నింపాకే ఒకట్లు తీయాలి, ముగ్గురు పిల్లలు.