లెక్క చెప్పే కృతజ్ఞతా లేఖ

స్కాలర్‌షిప్ అందుకున్న విద్యార్థి దాతకు రాసే ఉత్తరంలో ముఖ్యంగా ఉండాల్సింది, ఆ డబ్బు దేనికి వెళ్లింది, దానివల్ల విద్యార్థి రోజు ఎలా మారింది అన్న సంగతి. చాలా ఉత్తరాల్లో అదే ఉండదు. ‘మీ సహాయం నా జీవితంలో వెలుగు నింపింది, మీరు మా పాలిట దేవుడు’ అన్న రెండు ముక్కలతో పేజీ నిండిపోతుంది. ఒకే ట్రస్టు నుంచి సాయం పొందిన పాతికమంది ఇలాగే రాస్తే, చదివే దాతకు ఏ ఉత్తరం ఎవరిదో తెలియదు. కింద సంతకం మూసి చదివినా ఇది ఫలానా విద్యార్థిదే అనిపించాలి. అలా అనిపించకపోతే మళ్లీ రాయాల్సిందే.

వివరం ఎక్కడ దొరుకుతుందో తెలియడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. తెలంగాణలో ఎప్‌సెట్‌లో 10,000 దాటిన ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థికి ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ప్రభుత్వం సాధారణంగా ఏడాదికి 35,000 రూపాయల వరకే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇస్తుంది. కాలేజీ ఫీజు 85,000 అనుకుంటే మిగతా 50,000 ఇంటివాళ్లే కట్టుకోవాలి. నిజామాబాద్ జిల్లాలో తల్లి బీడీలు చుట్టే ఇల్లు అది. మొదటి ఏడాది ఆ 50,000 కోసం ఆమె మహిళా సంఘంలో అప్పు తీసుకుంది. అప్పు తీర్చడానికి కొడుకు సాయంత్రం ఆరు నుంచి రాత్రి పదిన్నర దాకా మందుల షాపులో పనికి కుదిరాడు. జీతం నెలకు 6,000, ఎనిమిది నెలలకు 48,000. రెండో ఏడాది ఆ 50,000 ఒక దాత కట్టారు.

అంటే ఇక్కడ దాత ఇచ్చింది ఫీజు ఒక్కటే కాదు, రోజుకు నాలుగున్నర గంటల సాయంత్రం కూడా. ఉత్తరం నడవాల్సింది దాని చుట్టూ. ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

“పోయినేడాది షాపు నుంచి రూముకు చేరేసరికి పదకొండు దాటేది. ల్యాబ్ రికార్డులు అర్ధరాత్రి రాసేవాణ్ని. పొద్దున మొదటి పీరియడ్ తప్పేది. మొదటి సెమిస్టర్‌లో హాజరు 68 శాతమే ఉంది, కాండొనేషన్ ఫీజు కట్టి పరీక్ష రాశాను. మ్యాథ్స్ పోయింది. మీరు ఫీజు కట్టాక ఆగస్టులో షాపు మానేశాను. సాయంత్రాలు లైబ్రరీలో కూర్చుని ఆ మ్యాథ్స్ సప్లీ రాసి పాసయ్యాను. ఈ సెమిస్టర్ హాజరు 86 శాతం. అమ్మ సంఘం అప్పులో ఇంకా నాలుగు వాయిదాలున్నాయి.”

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు, అయినా కృతజ్ఞత కనిపిస్తుంది. జేఎన్‌టీయూ పద్ధతిలో 75 శాతం హాజరు కావాలని, 65కు తగ్గకపోతే ఫీజు కట్టి మినహాయింపు అడగవచ్చని తెలిసిన దాతకు ఆ 68 అన్న అంకె చాలు. తెలియనివారికి ఒక చిన్న వాక్యం కలిపితే సరిపోతుంది.

మ్యాథ్స్ పోయిన సంగతి రాయాలా అని చాలామంది సందేహిస్తారు. రాయడమే మంచిది. చాలా ట్రస్టులు ఎలాగూ మార్కుల మెమో అడుగుతాయి, అక్కడ కనిపించేది ఉత్తరంలో లేకపోతే దాచినట్టవుతుంది. పోయిందన్న మాట పక్కనే ఎందుకు పోయిందో, ఇప్పుడు ఏమైందో ఉంటే చాలు. అలాగే సాయం తీర్చలేనిదాన్ని తీర్చినట్టు చెప్పకూడదు. మెస్ బిల్లు, బస్సు పాస్ ఇంకా ఇంటిమీదే ఉంటే ఆ మాట ఉన్నదున్నట్టు రాయవచ్చు. అయితే వెంటనే ‘అది కూడా ఇస్తే బాగుండు’ అని తగిలిస్తే ఉత్తరం కాస్తా దరఖాస్తు అవుతుంది. అడగాల్సింది ఉంటే రెన్యువల్ ఫారంలో అడగాలి.

పేదరికాన్ని ఎంత చెప్పాలన్నది కొంచెం చిక్కు. తల్లి బీడీలు చుడుతుందని రాయడం ఆమె పని గురించి చెప్పడం. పస్తులు, కన్నీళ్లు, చిరిగిన చీర అంటూ పేరా నింపితే, ఆ ఉత్తరాన్ని రేపు తల్లి చేతిలో పెట్టి చదివించగలడా అన్నది చూసుకోవాలి.

పొడవు ఒక పేజీ. ‘గౌరవనీయులైన ఫలానా గారికి నమస్కారం’ అని మొదలుపెట్టి, చదివే కోర్సు, ఏడాది, ఊరు రెండు వాక్యాల్లో చెప్పి నేరుగా విషయంలోకి వెళ్లవచ్చు. దాత పేరు ట్రస్టు చెప్పకపోతే ‘దాత గారికి’ అంటే చాలు. తెలుగువారైన దాతకు తెలుగులో రాయడమే తేలిక, ఇంగ్లీషులో అయితే నెట్‌లో దొరికే నమూనా వాక్యాలే వచ్చి పడతాయి. ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు ఇందులో అవసరం లేదు. ఫీజు కట్టిన రెండు వారాల్లోపు మొదటి ఉత్తరం, ఫలితాలు వచ్చాక మెమో నకలుతో రెండోది పంపాలి. రెండింటి కాపీలూ దగ్గర ఉంచుకోవాలి. మరుసటి ఏడాది రెన్యువల్ ఫారంలో ‘గత సంవత్సర ప్రగతి’ అన్న గడి వచ్చినప్పుడు ఆ అంకెలన్నీ అందులోనే దొరుకుతాయి.