చేతులు మారిన చెక్కు

1756 డిసెంబరులో ఇంగ్లండులో దొంగలు తపాలాను దోచుకున్నారు. ఫిన్నీ అనే ఆయన పంపిన 21 పౌండ్ల 10 షిల్లింగుల బ్యాంకు నోటు అందులో పోయింది. అది చివరికి మిల్లర్ అనే సత్రం యజమానికి చేరింది. అది దొంగసొత్తని ఆయనకు తెలియదు, పూర్తి విలువ ఇచ్చే పుచ్చుకున్నాడు. సొమ్ము కోసం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండుకు వెళితే రేస్ అనే గుమాస్తా డబ్బూ ఇవ్వలేదు, నోటూ తిరిగివ్వలేదు. 1758లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ మిల్లరుదే న్యాయమన్నారు. దొంగ దగ్గర ఎద్దును కొంటే అసలు యజమాని వచ్చి తోలుకుపోవచ్చు. అదే నియమం నోటుకూ పెడితే, ఎవరు ఎక్కడ పోగొట్టుకున్నారోనన్న భయంతో దాన్ని ఎవరూ ముట్టుకోరు, బజారు ఆగిపోతుంది.

ఈ ఆలోచనే మన 1881 నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోకి వచ్చి ప్రోనోటుకూ హుండీకీ చెక్కుకూ ప్రాణమైంది. ఇలా పుచ్చుకున్నవాణ్ణి చట్టం ‘హోల్డర్ ఇన్ డ్యూ కోర్స్’ అంటుంది. అతను విలువ ఇచ్చి తీసుకుని ఉండాలి. సొమ్ము చెల్లించాల్సిన గడువు దాటకముందే తీసుకుని ఉండాలి. ఇచ్చినవాడి హక్కులో లోపం ఉందని అనుమానించే కారణం ఉండకూడదు. ఈ మూడూ కుదిరితే, ఇచ్చినవాడికి ఉన్నదానికంటే గట్టి హక్కు పుచ్చుకున్నవాడికి వస్తుంది. చట్టంలో ఇంతకంటే ఆశ్చర్యపరిచే సంగతి నాకు కనిపించలేదు.

కనిగిరి రైతు ఒకరు మిర్చి అమ్మితే గుంటూరు వ్యాపారి మార్చి 10 తేదీతో రెండు లక్షల చెక్కు ఇచ్చాడనుకుందాం. రైతు మార్చి మొదటివారంలోనే దాని వెనక సంతకం చేసి, ఎరువుల బాకీ కింద కనిగిరి దుకాణదారుకు ఇచ్చాడు. దుకాణదారు తన ఖాతాలో వేస్తే డబ్బు లేదని చెక్కు తిరిగొచ్చింది. ‘మిర్చిలో తాలు కలిసింది, అందుకే ఇవ్వను’ అంటాడు వ్యాపారి. రైతే అడిగితే ఆ మాటకు విలువ ఉండేదేమో. దుకాణదారు దగ్గర అది చెల్లదు, మిర్చి బేరంతో అతనికి పనిలేదు.

అయితే చెక్కు మీద ‘అకౌంట్ పేయీ’ అని రాసి ఉంటే ఈ కథే నడవదు. పేరున్నవాడి ఖాతాలో తప్ప బ్యాంకు దాన్ని జమ చేయదు. ‘నాట్ నెగోషియబుల్’ అని గీతల మధ్య రాస్తే చెక్కు చేతులు మారవచ్చు గాని, ఇచ్చినవాడికి ఉన్నంత హక్కే వస్తుంది. ఒకసారి తిరిగొచ్చిన చెక్కును తెలిసి తీసుకున్నవాడికీ ఈ రక్షణ లేదు.

చాలాకాలం చెక్కు తిరిగొస్తే సివిల్ దావాయే ప్రధానమైన దారి. 1989 ఏప్రిల్ 1 నుంచి 138వ సెక్షన్ అమల్లోకి వచ్చి చెక్కు తిరిగిరావడాన్ని నేరంగా చేసింది. రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా, లేదా రెండూ. ఫిర్యాదు చేసే హక్కు చెక్కులో పేరున్నవాడితో పాటు హోల్డర్ ఇన్ డ్యూ కోర్స్‌కూ ఉంది. మన దుకాణదారు వ్యాపారి మీద నేరుగా వెళ్లవచ్చు. వెనక సంతకం చేసిన రైతు మీద సివిల్ బాధ్యత మాత్రమే ఉంటుంది, జైలు భయం లేదు.

ఇక్కడ తేదీలే ప్రాణం. బ్యాంకు మెమో మార్చి 20న చేతికి అందితే, 30 రోజుల్లో, అంటే ఏప్రిల్ 19 లోగా రాతపూర్వక నోటీసు పంపాలి. అందులో చెక్కు మొత్తాన్ని స్పష్టంగా అడగాలి. వడ్డీ, ఖర్చులు విడిగా చూపాలే గాని, అన్నీ కలిపి ఒకే అంకె వేస్తే నోటీసు వీగిపోతుంది. నోటీసు ఏప్రిల్ 5న వ్యాపారికి అందితే అతనికి 15 రోజుల వ్యవధి. ఏప్రిల్ 20 దాకా ఇవ్వకపోతే 21 నుంచి నెలలోపు ఫిర్యాదు వేయాలి. తొందరపడి ఆ 15 రోజులు నిండకముందే వేస్తే అది ఫిర్యాదే కాదని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. చెక్కు ఇచ్చినవాడి బ్యాంకు ఉన్నచోటే కేసు వేయాలని అదే ఏడాది మరో తీర్పు వచ్చింది. 2015 సవరణ దాన్ని మార్చడంతో, ఇప్పుడు కనిగిరి శాఖలో ఖాతా ఉన్న దుకాణదారు గుంటూరు వెళ్లనక్కరలేదు.

మన వైపు ప్రోనోటుతో పాటు సంతకం చేసిన ఖాళీ చెక్కు ఇచ్చే అలవాటు ఉంది. ‘అది హామీకి ఇచ్చింది, అంకెలు వాళ్లు రాసుకున్నారు’ అనే వాదన అంత సులువుగా నిలవదు. ఇష్టపూర్వకంగా ఇచ్చిన ఖాళీ చెక్కులో మరొకరు వివరాలు నింపినా చెక్కు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అప్పు లేదని నమ్మదగిన ఆధారాలతో చూపే భారం సంతకం చేసినవాడిదే. బాకీ తీర్చేస్తే రసీదు రాయించుకుని చెక్కు తిరిగి తీసుకోవాలి.

చెక్కు తిరిగొస్తే ‘మళ్లీ వేసుకో, ఈసారి పాసవుతుంది’ అంటారు. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల్లోపు మళ్లీ వేయవచ్చు, మళ్లీ తిరిగొస్తే కొత్త నోటీసుతో కేసూ వేయవచ్చు. ఆ మూడు నెలలు దాటాక ఆ చెక్కును మళ్లీ వేసే దారి మూసుకుపోతుంది. కాబట్టి బ్యాంకు మెమో, తపాలా రసీదు, నోటీసు అందిన కార్డు ఒకే కవరులో పెట్టి, ఆ కవరు మీద తేదీలు రాసుకోండి.