నాలుగో పాఠం ఏది?

దసరా సెలవులకు మా అమ్మ దగ్గరికి ఇద్దరు పిల్లలు వచ్చారు. మా అక్క కొడుకు ఖమ్మంలో, చెల్లెలి కూతురు విజయవాడలో చదువుతున్నారు. ఇద్దరిదీ పదో తరగతే, ఇద్దరివీ ప్రభుత్వ బడులే. సెలవుల్లో ఇద్దరూ చదవాల్సింది లెక్కల్లో నాలుగో పాఠమే. ఒకే ఫోన్ ముందు కూర్చుని `10th class maths chapter 4 in telugu` అని కొట్టారు. మొదట వచ్చిన వీడియోలో మాస్టారు బోర్డు మీద రెండు సమీకరణాలు రాసి, x విలువెంత, y విలువెంత అని చెప్పడం మొదలుపెట్టారు. పిల్లవాడు గబగబా నోట్సు రాసుకుంటున్నాడు. పిల్ల మాత్రం తన పుస్తకం తిరగేసి, "మామయ్యా, ఇది మా పాఠం కాదు" అంది. "మాది ఇదే" అన్నాడు వాడు.

రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి విషయసూచికలు చూశాను. తెలంగాణ పుస్తకంలో నాలుగో అధ్యాయం రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత. ఆంధ్రప్రదేశ్ పుస్తకంలో నాలుగోది వర్గ సమీకరణాలు. తెలంగాణలో రెండో పాఠంగా సమితులు ఉన్నాయి, అక్కడ లేవు. ఆ ఒక్క పాఠం వల్ల దాని తర్వాతి కొన్ని పాఠాలు ఒక్కో అంకె ముందుకు జరిగాయి. పిల్లలిద్దరూ చదివేది చాలావరకు ఒకే గణితమే అయినా అంకెలు కలవవు. ఆరో పాఠం అంటే వాడికి శ్రేఢులు, ఆమెకు త్రిభుజాలు. ఎనిమిదోది అంటే వాడికి సరూప త్రిభుజాలు, ఆమెకు త్రికోణమితి పరిచయం. ఏడో పాఠం దగ్గర మాత్రం ఇద్దరికీ నిరూపక జ్యామితే వస్తుంది.

పిల్ల మళ్లీ ప్రయత్నించింది. ఈసారి ముందు AP అని చేర్చింది. మొదట వచ్చిన వీడియో టైటిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఉంది, పదో తరగతి ఉంది, గణితం ఉంది, నాలుగో చాప్టర్ అనీ ఉంది. తెరిస్తే మళ్లీ అవే x, y జతలు. మాస్టారి తప్పేమీ లేదు. వీడియో 2021 నాటిది. అప్పట్లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పుస్తకం వేరు. ఉమ్మడి రాష్ట్రంలో తయారై 2014 నుంచి రెండు రాష్ట్రాల్లోనూ నడిచిన పుస్తకం అది. తెలంగాణ దాన్నే కొనసాగించింది. ఆంధ్రప్రదేశ్ 2024-25 విద్యా సంవత్సరంలో పదో తరగతిని ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యాంశాలకు మార్చింది. 2025 మార్చిలో జరిగిన పబ్లిక్ పరీక్షలు ఆ కొత్త పుస్తకాల మీదే జరిగాయి. ఆ మార్పుకు ముందు తీసిన వీడియోలు ఇంకా అలాగే ఉన్నాయి. ఏళ్ల తరబడి చూసిన వాళ్ల సంఖ్య పేరుకుపోయి, అవే ముందు కనిపిస్తాయి కూడా. బోర్డు, తరగతి, సబ్జెక్టు, చాప్టర్ నాలుగూ సరిగ్గా ఉన్నా పాఠం తప్పింది. ఏ ఏడాది పుస్తకమో రాయకపోవడం వల్లే ఇలా జరిగింది.

ఆ కిందనే ఇంకో వీడియో, దాని టైటిల్‌లోనూ AP ఉంది. తెరిస్తే అది అంకశ్రేఢి. ఇంగ్లిషులో అంకశ్రేఢిని కుదించి రాసేదీ ఆ రెండక్షరాలే. లెక్కల పాఠాలు వెతికే ఆంధ్రప్రదేశ్ పిల్లలకు ఈ చిక్కు తప్పదు. అందుకే టైటిల్‌లోనైనా వెతుకులాటలోనైనా ఉత్త AP అని కాకుండా `AP SSC` అని రాయడం మంచిది. అవతల తెలంగాణకు మరో తిప్పలు ఉన్నాయి. 2024లో రాష్ట్ర సంక్షిప్త నామం TS నుంచి TG అయింది. పాత వీడియోలన్నీ TS మీద ఉన్నాయి, కొత్తగా వెతికేవాళ్లలో కొందరు TG అని కొడుతున్నారు. పుస్తకం మారలేదు కాబట్టి అక్కడ పాత పాఠం పనికొస్తుంది. టైటిల్‌లో రెండూ రాస్తే ఎవరికైనా దొరుకుతుంది.

సీబీఎస్‌ఈ పిల్లలకు ఈ గొడవ ఉండదని అనుకునేవాణ్ణి, దేశమంతా ఒకే పుస్తకం కదా అని. నిజానికి అక్కడ తేడా ఇంకా సన్నగా ఉంటుంది, అందుకే పట్టుకోవడం కష్టం. 2023-24కు ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు తగ్గించి పుస్తకాలను మళ్లీ అచ్చు వేసింది. పదో తరగతి గణితంలో నిర్మాణాల అధ్యాయం పోయి, 15 అధ్యాయాలు 14 అయ్యాయి. దాంతో పాత పుస్తకంలో 13వదైన ఉపరితల వైశాల్యాలు, ఘనపరిమాణాలు ఇప్పుడు 12కు జరిగి, 13లోకి సాంఖ్యకశాస్త్రం వచ్చింది. వర్గ సమీకరణాల్లో అధ్యాయం అంకె నాలుగుగానే ఉంది, లోపలి అభ్యాసాల అంకెలు మారాయి. పాత పుస్తకంలో అభ్యాసం 4.3 అంటే వర్గాన్ని పూర్తిచేసి మూలాలు కనుక్కోవడం. కొత్త పుస్తకంలో ఆ అభ్యాసాన్ని తీసేశారు. ఒకప్పటి 4.4, అంటే మూలాల స్వభావం, ఇప్పుడు 4.3 అయింది. ఆంధ్రప్రదేశ్ పిల్లలు చదివేదీ ఈ తగ్గించిన వరుసే.

ఇది ఎలా తెలుస్తుందంటే, మొదటి లెక్కను బట్టి. ఇప్పటి పుస్తకంలో 4.3 మొదటి లెక్క `2x² − 3x + 5 = 0`, మూలాల స్వభావం చెప్పమంటుంది. వీడియోలో మాస్టారు 4.3 అంటూ వర్గం పూర్తిచేయడం మొదలుపెడితే అది పాత పుస్తకమే. ఆ పద్ధతి నేర్చుకుంటే నష్టం లేదు. కానీ రేపు పరీక్ష పెట్టుకుని ఈ రాత్రి కూర్చున్న పిల్లకు విచక్షణి కావాలి, అది ఆ వీడియోలో ఉండదు.

పాఠాలు రికార్డు చేసే ఉపాధ్యాయులకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. చాప్టర్ అంకెను పాఠం పేరుగా వాడకండి. అంకె పుస్తకాన్ని బట్టి మారుతుంది. వర్గ సమీకరణాలు అనే పేరు ఏ పుస్తకంలోనైనా వర్గ సమీకరణాలే. పేరు ముందు రాసి, అంకెను దాని వెనక చేర్చండి. యూట్యూబ్‌లో టైటిల్‌కు వంద అక్షరాల వరకు చోటుంది. అయితే ఫోన్‌లో వెతికినప్పుడు పొడుగు టైటిల్ చివర తెగిపోతుంది. అందుకే బోర్డు, తరగతి, పాఠం పేరు మొదటి సగంలో ఉండాలి. ఛానల్ పేరు, మాస్టారి పేరు, శుభాకాంక్షలు అక్కడ అక్కర్లేదు. నేనైతే ఇలా రాస్తాను:

```
AP SSC 10th Maths | Quadratic Equations వర్గ సమీకరణాలు | Ch 4 Ex 4.3 | 2024-25 book
TG/TS SSC 10th Maths | Quadratic Equations వర్గ సమీకరణాలు | Ch 5 Ex 5.4
```

రెండింటిలో ఉన్నదీ మూలాల స్వభావమే. మాస్టారు ఒకరే కావచ్చు, బోర్డు మీద రాసే లెక్కలూ దాదాపు అవే కావచ్చు. ఒక బోర్డులో 4.3 అయినది ఇంకో బోర్డులో 5.4. పాఠం పేరు రెండు భాషల్లో రాయడానికి కారణం ఉంది. మన ఇళ్లలో పిల్లలు చాలామంది ఇంగ్లిషు మీడియంలో చదువుతూ తెలుగులో చెప్పించుకుంటారు. తల్లి తెలుగు పేరుతో వెతికితే, పిల్లవాడు ఇంగ్లిషు పేరుతో వెతుకుతాడు. పుస్తకం ఏ మీడియం అన్నది ఒక సంగతి, మాస్టారు ఏ భాషలో వివరిస్తారన్నది వేరే సంగతి. రెండూ కలిపి ఉత్త `Telugu` అని రాస్తే, అది తెలుగు వాచకమేమో అనుకునే ప్రమాదమూ ఉంది.

టైటిల్‌లో పట్టనివి కింద డిస్క్రిప్షన్‌లో రాయొచ్చు. పుస్తకం ఏ విద్యా సంవత్సరానిది, ఏ అభ్యాసం, అందులో ఏ లెక్క నుంచి ఏ లెక్క వరకు, మొదటి లెక్క అక్షరాలా ఏమిటి అన్నవి రాస్తే చాలు. వాటి కింద నిమిషాలు కూడా ఇవ్వొచ్చు. `0:00` నుంచి మొదలుపెట్టి కనీసం మూడు చోట్ల సమయం వేస్తే వీడియో ముక్కలుగా విడిపోయి కనిపిస్తుంది. మూడో లెక్క అర్థం కాని పిల్ల నేరుగా అక్కడికే వెళ్తుంది. ట్యాగుల మీద మాత్రం గంటలు తగలేయకండి. ఎక్కువగా అక్షరదోషాలతో వెతికే పేర్లకే అవి పనికొస్తాయని యూట్యూబే చెబుతోంది.

ఒక అలవాటు చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఎక్కువమందికి కనిపించాలని ఒకే టైటిల్‌లో ఆంధ్ర, తెలంగాణ, సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ అన్నీ కుక్కేస్తారు. వాస్తవ సంఖ్యల పాఠమే తీసుకోండి. అది ఎన్‌సీఈఆర్‌టీలోనూ తెలంగాణలోనూ మొదటి అధ్యాయమే కాబట్టి అంకె కలుస్తుంది. కానీ తెలంగాణ పుస్తకంలో ఆ అధ్యాయంలోనే సంవర్గమానాలు ఉన్నాయి. ఎన్‌సీఈఆర్‌టీలో లేవు. ఎన్‌సీఈఆర్‌టీ ప్రకారం చెప్పిన వీడియో మీద అన్ని బోర్డుల పేర్లూ వేస్తే, ఖమ్మం పిల్లవాడు మొత్తం చూసి పాఠం అయిపోయిందనుకుంటాడు. సంవర్గమానాలు మిగిలిపోయిన సంగతి పరీక్ష హాల్లో తెలుస్తుంది. శ్రేఢుల్లోనూ అంతే. తెలంగాణలో గుణశ్రేఢి కూడా ఉంది, ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతిలో అంకశ్రేఢితో ఆగుతుంది. రెండు బోర్డులకూ నిజంగా పనికొచ్చే వీడియో అయితే ఇద్దరి పేర్లూ వేయొచ్చు, తప్పు లేదు. అలాంటప్పుడు ఏ బోర్డు పిల్లలకు ఏ భాగం మిగులుతుందో డిస్క్రిప్షన్‌లో ఒక్క వాక్యం రాయాలి.

తల్లిదండ్రులు చేయగలిగింది తేలికే. వెతికే ముందు పిల్లల పుస్తకం తెరిచి పాఠం పేరు అక్షరాలా అలాగే కొట్టండి. వీడియో తెరిచాక అది ఎప్పుడు పెట్టారో చూడండి. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి వీడియో 2024 కన్నా పాతదైతే, మొదటి లెక్క పుస్తకంతో కలుస్తుందో లేదో చూడకుండా పిల్లలను కూర్చోబెట్టకండి. పుస్తకంలో పాఠం దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటే ఇంకా దగ్గరి దారి ఉంది. కేంద్రం 2017లో మొదలుపెట్టిన దీక్ష యాప్ తెరవగానే బోర్డు, మీడియం, తరగతి అడుగుతుంది. కోడ్ కింద ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తు అచ్చయి ఉంటుంది. కెమెరా సరిగా పనిచేయకపోతే ఆ ఆరూ టైపు చేసినా చాలు. ఆ గుర్తు ఆ పుస్తకంలో ఆ పాఠానికే ముడిపడి ఉంటుంది కాబట్టి, వెతుకులాటలో ఎదురయ్యే ఈ అయోమయం అక్కడ ఉండదు. అక్కడ దొరికే పాఠం మీ పిల్లకు నచ్చేలా ఉంటుందా అన్నది వేరే విషయం. నచ్చకపోయినా ఏ పాఠం వెతకాలో సరైన పేరుతో చేతికొస్తుంది.

ఆ సాయంత్రం పిల్ల పుస్తకంలోని పేరు చూసి, `AP SSC 10th quadratic equations nature of roots telugu` అని కొట్టింది. నాలుగో వరుసలో ఉన్న వీడియో మొదటి నిమిషంలోనే మాస్టారు `2x² − 3x + 5 = 0` అని రాశారు. ఆమె పుస్తకంలో వేలు పెట్టి చూసుకుని తలూపింది. పక్కనే వాడు తన అభ్యాసం తెరిచాడు.

ఊళ్లో ట్యూషన్ చెప్పే నా స్నేహితుడికి ఈ సంగతి చెప్పాను. అతని ఛానల్‌లో పదో తరగతి లెక్కలు ఎప్పటివో ఉన్నాయి. టైటిల్ మార్చడానికి వీడియోను తీసేసి మళ్లీ పెట్టాలని ఇన్నాళ్లూ అనుకున్నాడట. అక్కర్లేదు, లింకు అదే ఉంటుంది, చూసినవాళ్ల లెక్కా అలాగే ఉంటుంది, ఎడిట్‌లోకి వెళ్లి పేరు మార్చితే చాలు. తర్వాతి ఆదివారం పాత పుస్తకం పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. మొదట మార్చినది `10th Maths Chapter 4 Part 3` అన్న వీడియో. దాని కింద ఒకటికి పదిసార్లు ఒకే ప్రశ్న ఉంది: "సార్, ఇది ఏ సిలబస్?"