బిల్లు లేని ఫ్యాన్ ఖరీదెంత?

తెనాలిలో చిన్న ఎలక్ట్రికల్ దుకాణం ఒకటి ఉందనుకుందాం. యజమానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది. వేసవి సరుకు కోసం బెజవాడ వెళ్లాడు. సీలింగ్ ఫ్యాన్ ధర 2,000, దానిమీద 18 శాతం జీఎస్టీ 360, మొత్తం 2,360 రూపాయలు. టోకు వ్యాపారి గొంతు తగ్గించి, “బిల్లు వద్దంటే 2,200కే వేస్తానండీ” అన్నాడు. ఫ్యాన్‌కు 160 మిగిలినట్టే కనిపిస్తుంది. కానీ ఆ బేరానికి ఒప్పుకుంటే మన దుకాణదారు 200 ఎక్కువ పెట్టి కొన్నట్టే.

ఎందుకంటే బిల్లుతో కొన్నప్పుడు కట్టిన 360 అతని ఖర్చు కాదు. తాను అమ్మేటప్పుడు వసూలు చేసే పన్నులోంచి దాన్ని మినహాయించుకుంటాడు. ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ అనేది దీన్నే. కాబట్టి ఆ ఫ్యాన్ అతనికి పడింది 2,000కే. బిల్లు లేని ఫ్యాన్‌లో తిరిగొచ్చే పైసా లేదు. అది 2,200కు పడింది.

ఇప్పుడు రెండింటినీ పన్నుతో కలిపి 2,600కు, బిల్లు రాసి అమ్మాడనుకుందాం. 2,600ను 118తో భాగించి 100తో గుణిస్తే 2,203 వస్తుంది. అది సరుకు ధర. మిగతా 397 ప్రభుత్వానిది. బిల్లుతో కొన్న ఫ్యాన్ మీద 397లోంచి 360 తీసేసి 37 కడితే చాలు. చేతిలో 203 మిగులుతాయి. బిల్లు లేని ఫ్యాన్ మీద 397 మొత్తం కట్టాలి, అంటే మిగిలేది మూడు రూపాయలు. అద్దె, కరెంటు, కుర్రాడి జీతం అందులోంచే! ఇక దాన్ని బిల్లు లేకుండానే అమ్మేస్తే అది పన్ను ఎగవేత. లెక్కలోకి తీసుకోదగ్గ దారి కాదు.

బిల్లుతో కొన్నవాళ్లు కూడా ఒకచోట పొరబడతారు. 2,600లోంచి 2,360 తీసేసి 240 లాభం అనుకుంటారు. అందులో 37 పన్నుదన్న సంగతి రిటర్ను వేసే రోజు గుర్తొస్తుంది. ఇంకొందరు 2,360నే అసలు ధరగా పట్టుకుని, పది శాతం లాభం కలిపి, దానిమీద మళ్లీ 18 శాతం వేస్తారు. అప్పుడు ధర 3,063కు చేరుతుంది. పక్క కొట్టాయన 2,000 మీద పది శాతం వేసి, ఆ 2,200కు పన్ను కలిపి 2,596కు ఇస్తుంటే ఇక్కడికెవరొస్తారు?

అయితే ఆ 360 దానంతటదే చేతికి రాదు. టోకు వ్యాపారి తన రిటర్నులో ఈ బిల్లు చూపించాలి. చూపించాడో లేదో మరుసటి నెల 14న తయారయ్యే GSTR-2Bలో తెలుస్తుంది. అందులో లేకపోతే ఆ నెల క్రెడిట్ తీసుకోకూడదు. ఆలస్యంగా ఎక్కిస్తే ఆలస్యంగా వస్తుంది. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాటినా, అంతకు ముందే వార్షిక రిటర్ను వేసేసినా ఇక రాదు. అప్పుడు ఫ్యాన్ నిజంగానే 2,360కు పడుతుంది, 203 లాభం కాస్తా 157 నష్టమవుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు కొత్త వ్యాపారి దగ్గర కొన్నప్పుడు సరుకు ధర ముందు ఇచ్చి, పన్ను మొత్తాన్ని 2Bలో బిల్లు కనబడ్డాక ఇస్తామని మాట్లాడుకుంటారు. అలాగని మరీ సాగదీయకూడదు: 180 రోజుల్లో బాకీ తీర్చకపోతే ఆ మేరకు తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి.

కాంపోజిషన్ స్కీములో ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు. వాళ్లకు క్రెడిట్ లేదు, ఫ్యాన్ 2,360కే పడుతుంది. కొనేవాడి దగ్గర పన్ను వసూలు చేయకూడదు, అమ్మకం మీద ఒక శాతం చేతి నుంచి కట్టాలి. 2,600కు అమ్మితే 26 పోను 214 మిగులుతాయి, అంటే మామూలు పద్ధతి కంటే కాస్త ఎక్కువే. కానీ పోటీకి దిగి 2,450కు అమ్మాల్సొస్తే వాళ్లకు మిగిలేది 65, మామూలు పద్ధతివాడికి 76. పైగా రిజిస్ట్రేషన్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు వాళ్ల దగ్గర కొనడు. తనకు క్రెడిట్ వచ్చే బిల్లు వాళ్లు ఇవ్వలేరు.

మన దుకాణదారు అదే సరుకులోంచి ఒక ఫ్యాన్ తీసి మేనకోడలి గృహప్రవేశానికి కానుకగా ఇచ్చాడు. కానుకగా ఇచ్చినదానికీ, దొంగలు పట్టుకుపోయినదానికీ క్రెడిట్ చెల్లదు. తీసుకున్న 360 వెనక్కి కట్టాడు. కాబట్టి చదివింపుల పుస్తకంలో ఆ ఫ్యాన్‌కు ఎదురుగా 2,360 అనే రాసుకోవాలి.