స్కానర్ బాగానే ఉంది, మరి ఫైలు ఎందుకు రావడం లేదు?

ఆఫీసుకు కొత్త కంప్యూటర్ వచ్చిన మర్నాడో, ఉన్నదాంట్లోనే విండోస్ మళ్లీ ఎక్కించిన వారానికో ఈ గొడవ మొదలవుతుంది. మూలనున్న పెద్ద జిరాక్స్ మెషీన్ కాగితాన్ని లాక్కుంటుంది, లైటు అటూ ఇటూ తిరుగుతుంది, చివర్లో ఏదో ఎర్రర్ కోడ్ చూపిస్తుంది. షేర్ చేసిన ఫోల్డర్లో మాత్రం ఫైలు ఉండదు. కొందరి ఇళ్లలో ఇదే గొడవ నాస్ పెట్టెతో వస్తుంది. ఏళ్ల తరబడి అందులో దాచిన పెళ్లి ఫొటోలు, వీడియోలు ఉన్నట్టుండి తెరుచుకోవు.

అపోహ: మెషీన్ పాడైంది, మార్చాల్సిందే.

జిరాక్స్ కాపీలు మామూలుగా వస్తుంటే స్కానింగ్ భాగం బాగున్నట్టే. ఆగిపోయింది ఫైలును కంప్యూటర్‌కు చేరవేసే పని. ఆ చేరవేతకు వాడే పద్ధతి పేరు ఎస్‌ఎంబీ. దీన్ని 1980ల తొలినాళ్లలో ఐబీఎంలో బారీ ఫైగెన్‌బామ్ రూపొందించారు. విస్టాతో రెండో వెర్షన్, విండోస్ 8తో మూడోది వచ్చాయి. కానీ చాలా స్కానర్లు, నాస్ పెట్టెలు మొదటి వెర్షన్ దగ్గరే ఆగిపోయాయి. 2017 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్‌తో మైక్రోసాఫ్ట్ ఆ మొదటి వెర్షన్‌ను పక్కకు తప్పించడం మొదలుపెట్టింది. హోమ్, ప్రో ఎడిషన్లలో దాని క్లయింట్ భాగాన్ని కొంతకాలం ఉంచినా, కంప్యూటర్ ఆన్‌లో ఉన్న సమయం మొత్తం 15 రోజులయ్యేలోగా ఎవరూ వాడకపోతే అది తనంతట తానే తొలగిపోయేలా పెట్టింది. అప్పట్లో కొత్త కంప్యూటర్లో మొదట తెరుచుకున్న నాస్, నెల తిరిగేసరికి మొరాయించడానికి ఇదొక కారణం. ఎవరూ ఏమీ ముట్టుకోలేదన్న మాట నిజమే అయి ఉండొచ్చు.

అపోహ: మా నెట్‌వర్క్ రౌటర్ వెనక భద్రంగా ఉంది, పాత వెర్షన్ ఉంటే నష్టమేంటి?

2017 మే 12న మొదలైన వానాక్రై రాన్సమ్‌వేర్‌ను గుర్తు చేసుకుంటే చాలు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డ సంగతి అప్పటి వార్తలు చదివినవారికి తెలుసు. లోపలి కంప్యూటర్ ఒక్కటి దానికి చిక్కితే చాలు, రౌటర్ అడ్డం రాదు. అక్కడి నుంచి అదే నెట్‌వర్క్‌లో 445 పోర్టు తెరిచి ఉన్న ప్రతి విండోస్ కంప్యూటర్‌నూ తడుముకుంటూ పోయింది. అది దూరిన కంత విండోస్‌లోని మొదటి వెర్షన్ కోడ్‌లోనిదే.

ఆ కంతను పూడ్చే MS17-010 అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే వచ్చింది కదా అంటారు. ఆ అప్‌డేట్ పడితే ఆ ఒక్క కంత మూసుకుంటుంది. మొదటి వెర్షన్‌లో ఎన్‌క్రిప్షన్ లేకపోవడం, మధ్యలో ఎవరో దూరి సంభాషణను మార్చినా పసిగట్టే ఏర్పాటు కొత్త వెర్షన్లలో ఉన్నంత గట్టిగా లేకపోవడం అలాగే ఉంటాయి.

అపోహ: విండోస్ ఫీచర్స్‌లో మూడు టిక్కులు పెడితే సమస్య తీరిపోతుంది.

ఎక్కువమంది చేసే పని ఇదే, ఎక్కువ నష్టమూ ఇక్కడే. `SMB 1.0/CIFS File Sharing Support` కింద క్లయింట్, సర్వర్, ఆటోమేటిక్ రిమూవల్ అని మూడు గళ్లుంటాయి. మూడింటికీ టిక్ పెట్టే ముందు ఎవరు ఎవరి తలుపు తడుతున్నారో చూడాలి. నాస్ విషయంలో మీ కంప్యూటరే వెళ్లి అడుగుతుంది, అంటే అది క్లయింట్. ఫోల్డర్‌కు స్కాన్ చేసేటప్పుడు స్కానరే వచ్చి మీ కంప్యూటర్‌ను అడుగుతుంది, అంటే మీ కంప్యూటర్ సర్వర్. నాస్ కోసం సర్వర్ భాగాన్ని తెరిస్తే పని జరగదు సరికదా, వానాక్రై వెతికిన తలుపునే తెరిచి పెట్టినట్టవుతుంది.

ఒక ఆడిటర్ ఆఫీసు అనుకుందాం. మెషీన్ చిరునామా 192.168.1.60. స్కాన్ విఫలమైన వెంటనే కంప్యూటర్లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి ఈ లాగ్ చూడాలి:

```
Microsoft-Windows-SMBServer/Operational
```

అందులో 1001 నంబరు ఈవెంట్ ఉండి, క్లయింట్ చిరునామాగా 192.168.1.60 కనిపిస్తే అనుమానం తీరినట్టే. మెషీన్ మొదటి వెర్షన్‌లో అడిగింది, విండోస్ కాదంది. అలాంటి ఈవెంట్ లేకపోతే దోషం మరెక్కడో ఉంది. కంప్యూటర్ ఐపీ మారి ఉండొచ్చు, యూజర్ పాస్‌వర్డ్ మార్చి మెషీన్లో మార్చడం మరిచి ఉండొచ్చు, ఫైర్‌వాల్ అడ్డుపడి ఉండొచ్చు. నా అనుభవంలో పాస్‌వర్డ్ గొడవలు ఎన్నో ఎస్‌ఎంబీ ఖాతాలో పడ్డాయి.

1001 కనిపించింది సరే. ఇప్పుడు విండోస్ జోలికి పోకుండా మెషీన్ వైపు చూడాలి. బ్రౌజర్లో దాని చిరునామా కొడితే సెట్టింగ్స్ పేజీ వస్తుంది. ఎస్‌ఎంబీ వెర్షన్ ఎంచుకునే చోటు కొన్నింట్లో అక్కడే ఉంటుంది. లేకపోతే సర్వీసుకు వచ్చే టెక్నీషియన్‌ను ఫర్మ్‌వేర్ అప్‌డేట్ గురించి అడగాలి. అదీ లేదంటే ఎఫ్‌టీపీకి స్కాన్ చేయడం ఒక దారి. ఈమెయిల్‌కు స్కాన్ చేయమని సలహా ఇచ్చేవారుంటారు కానీ, అంత పాత మెషీన్లకు ఇప్పటి మెయిల్ సర్వర్లు అడిగే టీఎల్‌ఎస్ తరచూ రాదు.

ఏ దారీ లేని మెషీన్‌కు నేను చెప్పేది మధ్యవర్తి పద్ధతి. ఒక చిన్న రాస్ప్‌బెర్రీ పైలో సాంబా వేసి, పాత వెర్షన్‌ను అక్కడ మాత్రమే అనుమతించాలి:

```
[global]
server min protocol = NT1
ntlm auth = yes

[scan]
path = /srv/scan
read only = no
```

స్కానర్ పాత పద్ధతిలోనే ఫైలును అక్కడ పెడుతుంది, కంప్యూటర్లు అదే ఫోల్డర్‌ను కొత్త వెర్షన్‌లో తెరుచుకుంటాయి. ఆ పైలో స్కాన్లు తప్ప మరేమీ ఉంచకూడదు. స్కానర్‌కు ఇచ్చే యూజర్, పాస్‌వర్డ్ మరెక్కడా వాడకూడదు.

నాస్ సంగతి చాలాసార్లు ఇంతకంటే తేలిక. చాలా నాస్ పెట్టెల లోపల నడిచేది సాంబానే. అది 2011 నాటి 3.6 వెర్షన్ నుంచే ఎస్‌ఎంబీ2 మాట్లాడగలదు, కాకపోతే సెట్టింగ్‌లో అది ఆపి ఉండొచ్చు. సైనాలజీ పెట్టెల్లోనైతే ఫైల్ సర్వీసెస్ కింద, ఎస్‌ఎంబీ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో `Maximum SMB protocol` ఉంటుంది. దాన్ని పెంచితే సరిపోవచ్చు. ఫోల్డర్ తెరుచుకున్నాక అడ్మిన్ పవర్‌షెల్‌లో ఇది కొట్టండి:

```
Get-SmbConnection | Select-Object ServerName, Dialect
```

డయలెక్ట్ 2తో గానీ 3తో గానీ మొదలైతే పని అయినట్టు. 1.5 అని వస్తే ఇంకా పాతదాంట్లోనే ఉన్నారు. పెట్టె ఎంతకీ మారనంటే క్లయింట్ గడికి మాత్రం టిక్ పెట్టి, డేటా అంతా వేరే డిస్కులోకి దించుకుని, ఆ టిక్ తీసేయాలి.

అపోహ: నెట్‌వర్క్ జాబితాలో పేరు కనిపించడం లేదంటే పాత వెర్షన్ కావాలని అర్థం.

పేర్లను జాబితాగా చూపే పాత కంప్యూటర్ బ్రౌజర్ సర్వీసు మొదటి వెర్షన్ మీద ఆధారపడేది, దానితోపాటే పోయింది. ఫోల్డర్ తెరవడం వేరే సంగతి. విండోస్ మీట, R కలిపి నొక్కి `\\192.168.1.50` లాగా పెట్టె చిరునామా కొట్టి చూస్తే అది నేరుగా తెరుచుకోవచ్చు.

ఇప్పుడు దీనికి ఒక కొత్త చిక్కు తోడైంది. విండోస్ 11 24H2 ప్రో ఎడిషన్‌కు మారాక నాస్ ఆగిపోతే, అది ఎస్‌ఎంబీ1 గొడవే అనుకుని ఆ గళ్లకు టిక్ పెట్టి లాభం లేదు. ఆ వెర్షన్ ప్రతి సంభాషణకూ డిజిటల్ సంతకం అడుగుతుంది, పాస్‌వర్డ్ లేని గెస్ట్ ప్రవేశాన్ని ఒప్పుకోదు. మొదటి వెర్షన్ అవసరమైతే తెర మీద `This share requires the obsolete SMB1 protocol` అని సూటిగానే రాస్తుంది. గెస్ట్ గురించిన మాట వస్తే నాస్‌లో ఒక యూజర్‌ను సృష్టించి పాస్‌వర్డ్ పెట్టడమే మందు.